ఆ 14 నిమిషాల టేపు ఎవరిది?



మొన్న మన డాక్యుమెంటరీ ప్రదర్శన అయ్యాక ఒక పీజీ చదివే చెల్లి నా దగ్గరికొచ్చి అడిగింది. "అన్నా, బాబాసాహెబ్ వీడియోలు యూట్యూబులో బోలెడున్నాయి కదా, దింపుకుని వాడేస్తే పోయేది కదా. ఆ పదిహేడు సెకన్లకు నాలుగు నెలలు ఎందుకు పట్టింది?" ఆ అమ్మాయికి అక్కడ నిలబడి రెండు ముక్కల్లో ఏదో చెప్పాను గానీ నాకే సరిపోలేదు. రేపు మీలో ఎవరో ఒకరు మీ ఊరి కథ తీస్తారు. అందుకే ఈసారి ఉద్యమం గురించి కాకుండా టేపుల గురించి, సంతకాల గురించి రాస్తున్నాను.

సినిమా నిడివి 38 నిమిషాలు. 1980ల చివర్లో మా జిల్లాలో ఒక మాలమాదిగ పల్లె మీద జరిగిన దాడి, ఆ తర్వాత టౌన్లో చర్చి కాంపౌండులో వాళ్లు నెలల తరబడి ఉన్న శిబిరం దాని కథ. ఊరి పేరు ఇక్కడ రాయను. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. మొత్తం బడ్జెట్ రెండు లక్షల ఎనభై వేలు, అందులో పాత ఫుటేజీకి పెట్టుకున్నది 20,000. మాకు కావాల్సినవి రెండు. ఒకటి, రాజ్యాంగ సభ రోజుల్లో బాబాసాహెబ్ కనిపించే న్యూస్‌రీల్ ముక్క. రెండోది, శిబిరంలో ఆ రోజుల్లో ఒక పెళ్లిళ్ల కెమెరామన్ తీశాడని అందరూ చెప్పే వీహెచ్‌ఎస్ టేపు.

నిజానికి నాకు మొదట కావాల్సింది బాబాసాహెబ్ అంతిమయాత్ర. అది ప్రభుత్వం తీసి ఉంటుంది, అరవై ఏళ్లు దాటింది, ఇక అందరిదీ అనుకున్నాను. వెతకడం మొదలుపెట్టాక నామదేవ్ వ్హట్కర్ పేరు తగిలింది. మరాఠీ సినిమా మనిషి. ఆ యాత్రను ఆయన సొంతంగా చిత్రించాడు. అక్కడే నా లెక్క తప్పింది. మన దేశంలో సినిమా మీద కాపీరైట్ అరవై ఏళ్లు. కానీ ఆ అరవై కెమెరా తిరిగిన రోజు నుంచి మొదలు కావు. జనానికి మొదట చూపించిన సంవత్సరం దాటాక వచ్చే జనవరి నుంచి మొదలవుతాయి. పైగా 1957 చట్టం 1958 జనవరిలో అమల్లోకి వచ్చింది. అంతకుముందు తీసిన వాటికి పాత చట్టం లెక్క కూడా కలుస్తుంది. ఒక వ్యక్తి సొంతంగా తీసిన రీళ్ల విషయంలో ఇదంతా తేల్చాల్సింది లాయరు, అడగాల్సింది ఆ కుటుంబాన్ని. మాకున్న నాలుగు నెలల్లో ఆ పని గౌరవంగా చేయలేమనిపించింది. వదిలేశాం. సొంత డబ్బుతో ఆ రోజును మనకు మిగిల్చిన మనిషి శ్రమను యూట్యూబు నుంచి ఎత్తుకొచ్చి వాడటం నాకు నచ్చలేదు కూడా.

ఇక న్యూస్‌రీల్. మా ఎడిటర్ తమ్ముడు యూట్యూబు నుంచి ఒక క్లిప్పు దింపి, ముందే కోసి టైంలైన్లో పెట్టేశాడు. చూడ్డానికి బాగానే ఉంది. రెండోసారి చూసినప్పుడు అనుమానాలు మొదలయ్యాయి. మనుషుల తలల పైభాగం తెగిపోయి ఉంది. పాత ఫిల్ము దాదాపు చదరంగా ఉంటుంది, వెడల్పు తెరకు సరిపెట్టడానికి ఎవరో పైనా కిందా కోశారన్నమాట. మూలన ఒక చానెల్ ముద్ర. వెనక హిందీ వ్యాఖ్యానం, దాని కింద సింథసైజర్ సంగీతం. 1950 నాటి న్యూస్‌రీల్లో సింథసైజర్ ఎక్కడిది? అంటే ఇది న్యూస్‌రీల్ కాదు. న్యూస్‌రీల్ ముక్కను వాడుకుని తర్వాతెప్పుడో తీసిన కార్యక్రమం నుంచి కోసింది.

ఈ తేడా పంతం కోసం చెప్పడం లేదు. ఒక ఉదాహరణ చూడండి. ఫిల్మ్స్ డివిజన్ 1968లో బాబాసాహెబ్ మీద ఒక జీవితచరిత్ర చిత్రం తీసింది, వీజీ సామంత్ దర్శకుడు. మీ క్లిప్పును ఆ సినిమా నుంచి తీసుకుంటే దాని ఎడిటింగు, వ్యాఖ్యానం, సంగీతం మీద హక్కు 2028 డిసెంబరు దాకా ఉంటుంది. అదే షాటు అసలు 1950లో ప్రదర్శించిన ప్రభుత్వ న్యూస్‌రీల్లోదైతే, పాత చట్టం ప్రకారం చూసినా కొత్త చట్టం ప్రకారం చూసినా హక్కు గడువు ఎప్పుడో అయిపోయింది. తెర మీద ఒకే బొమ్మ. కానీ దాన్ని ఏ డబ్బాలోంచి తీశారన్న దాన్ని బట్టి మీరు డబ్బు కట్టాలా వద్దా అన్నది మారిపోతుంది. అందుకే ముందు అసలు డబ్బా వెతకాలి.

ఎలా వెతికామంటే, క్లిప్పులోంచి నాలుగు ఫ్రేములు బొమ్మలుగా తీసి ఇంటర్నెట్లో బొమ్మతో వెతికాం. అదే షాటు ఉన్న ఆరేడు వీడియోలు దొరికాయి. వాటిలో తలలు తెగనిది, షాటు అన్నిటికంటే పొడవుగా ఉన్నది ఏదో చూశాం. మన క్లిప్పులో వెనక బెంచీలో ఒకాయన చెయ్యి ఎత్తబోతుండగానే కట్ అయిపోతుంది. ఇంకో దాంట్లో ఆయన చెయ్యి పూర్తిగా ఎత్తి దించుతాడు. పొడవైనది అసలుకు దగ్గరిదని అర్థం. దాని మొదట్లో టైటిల్ కార్డు సగం మిగిలి ఉంది. ఆ సగం అక్షరాలు పట్టుకుని ఒక ఆర్కైవ్ కేటలాగులో వెతికితే న్యూస్‌రీల్ నెంబరు, సంవత్సరం దొరికాయి. ఈ పనికి పైసా ఖర్చు కాలేదు, పదకొండు రాత్రులు పట్టింది. పాత ప్రభుత్వ ఫిల్ముల కోసం వెతికే వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఫిల్మ్స్ డివిజన్, పూణే ఫిల్మ్ ఆర్కైవ్ రెండూ 2022లో ఎన్‌ఎఫ్‌డీసీలో కలిసిపోయాయి, పాత పుస్తకాల్లో ఉన్న చిరునామాలకు ఉత్తరాలు రాస్తూ కూర్చోవద్దు.

మేము ఆ రీలు కాపీ ఉన్న ఒక ఆర్కైవ్‌కు రాశాం, పేరు అనవసరం. మొదట వచ్చిన రేటు చూసి ఎడిటర్ తమ్ముడు ల్యాప్‌టాప్ మూసేశాడు. సెకనుకు 1,500 రూపాయలు, ఒక్కో క్లిప్పుకు కనీసం పది సెకన్లు. మేం వాడుకోవాలనుకున్నవి నాలుగు ముక్కలు, మొత్తం కలిపితే 18 సెకన్లు. సెకన్ల లెక్కన 27,000 అవుతుందనుకున్నాం. కానీ కనీసం పది అన్నారు కాబట్టి నాలుగు ముక్కలకూ నలభై సెకన్లు కట్టాలి, అంటే 60,000. సరే, ఎడిటింగు మార్చి ఒకే చోట 12 సెకన్లు ఆపకుండా వాడితే 18,000కు దిగింది. కొనే ఫుటేజీని ముక్కలు చేయకుండా ఒకే గుక్కలో వాడితే ఖర్చు తగ్గుతుందని అలా తెలిసింది. అయినా మా ఇరవై వేలూ దాదాపు అక్కడే అయిపోతున్నాయి. పైగా ఆ 18,000 దేనికి? ఫిల్మ్ ఫెస్టివల్స్‌లో మాత్రమే, ఐదేళ్ల వరకు. ఇంటర్నెట్లో పెట్టడానికి వేరే రేటు. మన సినిమా చూసేది హాస్టల్ గదుల్లో, వాడల్లో, ఫోన్లలో. ఫెస్టివల్‌కు ఎవడు పోతాడు?

అప్పుడు హైకోర్టులో ప్రాక్టీసు చేసే మన మిత్రుడొకరు ఒక ప్రశ్న వేశాడు. "వాళ్లు అడిగేది హక్కు డబ్బులా, కాపీ డబ్బులా?" ఆ మాటతో నా తలలో దీపం వెలిగింది. కాపీరైట్ గడువు అయిపోయింది అంటే ఆ బొమ్మ మీద ఎవరికీ హక్కు లేదని అర్థం. అంతే. రీలు ఉన్నవాడు మీకు దాన్ని ఇచ్చి తీరాలని అర్థం కాదు. ఊరి చెరువు అందరిదే, కానీ గట్టు మీదికి పోయే దారి ఎవరి పొలంలోంచో ఉంది. దారి కోసం అడగొచ్చు, నీళ్లకు వెల కట్టనక్కర్లేదు. (చెరువు అందరిదే అన్న మాట మనకు ఎంత ఆలస్యంగా నిజమైందో మీకు తెలుసు, ఆ గొడవ ఇంకోసారి.)

ఒక పేజీ ఉత్తరం రాశాం. న్యూస్‌రీల్ నెంబరు, ప్రదర్శించిన సంవత్సరం, ప్రభుత్వ రచన అన్న సంగతి, గడువు ముగిసిన సంవత్సరం రాసి, లైసెన్సు రుసుం కాకుండా స్కాను, కాపీ ఖర్చులు మాత్రం చెప్పమని అడిగాం. ఏడు వారాలు జవాబు లేదు. మూడుసార్లు ఫోను చేశాక 7,200 రూపాయలకు ఒప్పుకున్నారు, టైటిల్స్‌లో వాళ్ల పేరు వేయాలన్నది ఒక్కటే షరతు. అన్ని చోట్లా ఒప్పుకుంటారని చెప్పను. గడువు తీరిన ఫిల్ము విషయంలో కూడా కాపీ ఇచ్చేటప్పుడు ఒప్పందంలో రకరకాల షరతులు పెట్టేవాళ్లున్నారు, మీరు సంతకం పెట్టాక ఆ షరతులు మిమ్మల్ని కట్టేస్తాయి. అందుకే సంతకానికి ముందే అడగాలి. చివరికి సినిమాలో ఆ షాటు 17 సెకన్లు ఉంది, ఎప్పటికీ, ఎక్కడైనా.

మధ్యలో ఇంకో తలనొప్పి. యూట్యూబు క్లిప్పుతో కోసిన ఎడిటింగును అసలు స్కానుతో మార్చాలి కదా. ఆర్కైవ్‌లు టైంకోడ్ నెంబర్లు బొమ్మ మీద కనిపించే నాసిరకం నమూనా కాపీని ముందు ఇస్తాయి, చాలాచోట్ల ఉచితంగానే. దానితో ఎడిటింగు చేసుకుంటే, తర్వాత ఏ సెకను నుంచి ఏ సెకను దాకా కావాలో నెంబర్లతో అడగొచ్చు. మా తమ్ముడు తొందరపడి యూట్యూబు క్లిప్పుతో చేశాడు కాబట్టి నెంబర్లు లేవు. ఒక్కో ఫ్రేమూ కళ్లతో పోల్చి రెండు రాత్రులు కూర్చున్నాడు. పాపం, నేను టీలు పెట్టి ఇచ్చాను.

ఇప్పుడు టేపు సంగతి.

ఆ కెమెరామన్ బాబాయ్‌కి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఇనుప బీరువా మీద, అట్టపెట్టెలో, పెళ్లి టేపుల మధ్య ఉంది మనది. అట్ట మీద బాల్‌పెన్నుతో "శిబిరం" అని. నేను ఆత్రంగా, "బాబాయ్, వీసీఆర్ ఉందా, ఒకసారి చూద్దాం" అన్నాను. ఆయనే ఆపాడు. టేపును వెలుతురుకు ఎత్తి కిటికీలోంచి చుట్ట అంచు చూపించాడు. తెల్లగా పిండి రాలినట్టు ఉంది. బూజు. అలాంటి టేపును మామూలుగా తిప్పితే బూజు హెడ్డుకు అంటుకుని, హెడ్డు టేపును గీరేస్తుంది. ఉన్న ఒక్క కాపీ పోతుంది. విజయవాడలో పాత టేపులు శుభ్రం చేసే ఒకాయనకు 3,500 ఇచ్చాం. ఆయన ఒక్కసారే తిప్పి, కుదింపు లేకుండా పెద్ద ఫైలుగా ఎక్కించి ఇచ్చాడు. 14 నిమిషాలు వచ్చింది. మధ్యలో రెండు చోట్ల గీతలు, మిగతాది బాగుంది. తెర వెడల్పుకు సాగదీయకుండా పక్కల నలుపు వదిలి వాడాం. సాగదీస్తే మన మనుషుల మొహాలు ఉబ్బిపోతాయి.

ఇక ఇది ఎవరిది? బాబాయ్ "నాదేరా, నేనే తీశా" అన్నాడు. శిబిరం కమిటీలో బతికున్న పెద్దాయన "సంఘం డబ్బులిచ్చి తీయించింది, ఆరు వందలు" అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. చట్టం ఏమంటుందంటే, ఒకరు డబ్బిచ్చి కోరి సినిమా తీయిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించినవాళ్లే మొదటి హక్కుదారు. అది 17వ సెక్షన్లో ఉంది. కానీ సంఘానికి రిజిస్ట్రేషన్ లేదు, అధ్యక్షుడు చనిపోయాడు, ఆరు వందలకు రసీదు లేదు. ఇలాంటి చోట ఎవరిది అని తేల్చుకుంటూ కూర్చోకుండా, ఎవరిదైనా కావడానికి వీలున్న అందరి దగ్గరా సంతకం తీసుకోవడమే దారి. బాబాయ్ దగ్గర ఒకటి, కమిటీలో మిగిలిన ఇద్దరి దగ్గర ఒకటి. బాబాయ్‌కి రెండు వేలు, డిజిటల్ కాపీ, టైటిల్స్‌లో పేరు. ఆయనకు అన్నిటికంటే పేరే నచ్చింది.

సంతకాలు తెచ్చి లాయర్ మిత్రుడికి చూపించాను, పని అయిపోయిందని మురిసిపోతూ. నేను రాసిన కాగితంలో ఒకటే వాక్యం: ఈ టేపును డాక్యుమెంటరీలో వాడుకోవడానికి అనుమతిస్తున్నాము. ఆయన చదివి, "ఐదేళ్ల తర్వాత ఏం చేస్తావు?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, గడువు రాయకపోతే ఐదేళ్లే అనుకోవాలట. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అనుమతి పత్రాలకు కూడా అదే వర్తిస్తుంది. అంటే నా కాగితంతో సినిమాను ఐదేళ్ల తర్వాత తీసేయాలి, లండన్లోనో డాలస్‌లోనో మనవాళ్లు ప్రదర్శన పెడితే అదీ తప్పే. అన్నదమ్ముల మధ్య కాగితమేంటి అనుకునే మనస్తత్వం నాది, అది అక్కడ దెబ్బతింది.

ఐదేళ్లు పెద్ద విషయమా అనుకునేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. అమెరికాలో నల్లజాతి పౌరహక్కుల పోరాటం మీద 'ఐస్ ఆన్ ద ప్రైజ్' అనే 14 గంటల డాక్యుమెంటరీ ఉంది. హెన్రీ హాంప్టన్, ఆయన బ్లాక్‌సైడ్ సంస్థ తీశారు. మొదటి భాగం 1987లో, రెండోది 1990లో టీవీలో వచ్చింది. మన దళిత్ పాంథర్లు ఎవరి పేరు పెట్టుకున్నారో ఆ బ్లాక్ పాంథర్ల కథ కూడా రెండో భాగంలో ఉంది. వందలాది పాత క్లిప్పులు, ఫొటోలు, పాటలు అందులో వాడారు. డబ్బు చాలక చాలావాటికి కొన్నేళ్ల అనుమతులే కొన్నారు. ఆ ఏళ్లు అయిపోయాయి. 1990ల మధ్యకల్లా టీవీలో వేయడానికి లేదు, కొత్త క్యాసెట్లు అమ్మడానికి లేదు. స్కూళ్ల లైబ్రరీల్లో అరిగిపోయిన పాత టేపులే మిగిలాయి. హాంప్టన్ 1998లో పోయాడు. 2005లో కుర్రాళ్లు నిరసనగా ఊరూరా కాపీలు వేసి చూపించారు. ఫోర్డ్ ఫౌండేషన్ ఆరు లక్షల డాలర్లు, ఇంకో దాత రెండున్నర లక్షలు ఇస్తే, మళ్లీ ప్రతి క్లిప్పుకూ అనుమతులు తెచ్చుకుని 2006లో టీవీలోకి రాగలిగింది. ఎవరూ దాన్ని నిషేధించలేదు. అనుమతి పత్రాల్లో తేదీలు దాటిపోయాయి, అంతే. మనకు ఫోర్డ్ ఫౌండేషన్ రాదు కదా.

మళ్లీ బస్సెక్కి వెళ్లి కొత్త కాగితాలు రాయించాను. టేపు ఏది, ఎన్ని నిమిషాలు, ఏ పనికి, కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా, థియేటర్, టీవీ, ఇంటర్నెట్ అన్నిటికీ, ఇచ్చిన సొమ్ము ఎంత. అన్నీ తెలుగులోనే. బాబాయ్ నవ్వాడు, "పెళ్లి టేపులకు ఇంత రాసుకుంటే కోటీశ్వరుణ్ణయ్యేవాణ్ణిరా" అని.

కాగితాలన్నీ సరిపోయాయి. కానీ సినిమాలో ఆ టేపు ఇంకా లేదు.

14 నిమిషాల్లో తొమ్మిదో నిమిషం దగ్గర ఒకామె ఉంది. చర్చి గోడకు ఆనుకుని కూర్చుని ఏడుస్తోంది. కెమెరా దగ్గరికి వెళ్లి నలభై సెకన్లు ఆమె మొహం మీదే ఉంటుంది. ఎడిటర్ తమ్ముడు సినిమా అక్కడే మొదలుపెడదామన్నాడు. నిజంగానే, చూసిన వాడెవడూ మర్చిపోడు. ఆమె చనిపోయి పన్నెండేళ్లయింది. కూతురు ఊళ్లోనే ఉంది, నాకంటే ఐదారేళ్లు పెద్ద. కాపీరైట్ ప్రకారం ఆమెను అడగాల్సిన పని లేదు. ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను.

అక్క మంచం మీద కూర్చుని చూసింది. మొదట "మా అమ్మే" అంది. తర్వాత తెర మీద చెయ్యి పెట్టి ఆ మొహాన్ని కప్పేసింది. "తమ్ముడూ, మా అమ్మ తల మీద కొంగు లేకుండా బయటి మనిషికి ఎప్పుడూ కనబళ్లేదు. ఆరోజు ఆమెకు ఒళ్లు తెలీదు. ఆ కెమెరా ఆయన అడిగాడా?" అంది. నా దగ్గర జవాబు లేదు. కాసేపటికి, "ఆ ఏడుపు వినిపించు, మొహం చూపించొద్దు. ఊరి పేరు మీ రాతల్లో వేయొద్దు, మా పిల్లలకు ఇప్పుడు సంబంధాలు చూస్తున్నాం" అంది. అదే టేపులో దాడిలో అత్యాచారానికి గురైన ఒకామె కూడా గుంపులో కనిపిస్తుందని అక్కే చూపించింది. మాకు తెలియదు. అలాంటి బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం, పాత ఐపీసీలో 228ఏ, ఇప్పటి న్యాయ సంహితలో 72. మా దగ్గరున్న మూడు సంతకాల్లో ఏదీ ఆ సంగతి చెప్పలేదు. ఊళ్లో ఒకామె మంచం మీద కూర్చుని చూడకపోతే, మేం ఆమె మొహాన్ని ఫోన్లలో పంచేవాళ్లం.

ఏడుపు వినిపించు అంది అక్క. వినిపిద్దామంటే, దాని వెనక మైక్ సెట్టులో సినిమా పాట. పక్క వీధిలో ఎవరిదో శుభకార్యం. ఆ పాట యాదృచ్ఛికంగా పడిందే. కానీ చట్టంలో యాదృచ్ఛికంగా ఫ్రేములో పడ్డ విగ్రహాలకు, బొమ్మలకు మినహాయింపు ఉంది గానీ పాటలకు అక్కడ లేదు. ఇంటర్నెట్లో పెట్టగానే మ్యూజిక్ కంపెనీ యంత్రం దాన్ని పట్టేస్తుంది, వీడియోను ఆపేసినా ఆపేస్తుంది. పాటను మాత్రం తీసేయడానికి రెండు రోజులు ప్రయత్నించాం. పాట తగ్గించిన ప్రతిసారీ ఆమె గొంతు కూడా పలచబడింది. ఒక పక్క పెళ్లి పాట, ఒక పక్క ఈ ఏడుపు. ఆ రెండూ కలిసి ఉండటమే ఆ రోజు సత్యం. పాట హక్కు కొనే డబ్బు మా దగ్గర లేదు.

చివరికి ఆ చోట శబ్దం లేదు. తెర మీద చర్చి గోడ, దాని మీద నీడ, ఆమె చేతుల దాకా మాత్రమే, 11 సెకన్లు. ఆ తర్వాత అక్క గొంతు, ఈనాటిది, ఆ రోజు పక్క వీధిలో ఏ పాట వేశారో చెబుతుంది. పాట పేరు చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఖర్చు లెక్క అడిగారు కాబట్టి: స్కాను 7,200, టేపు శుభ్రం చేయడానికి 3,500, బాబాయ్‌కి 2,000, మూడుసార్లు ఊరికి రానుపోను 4,100. మొత్తం 16,800. మిగిలిన 3,200తో ఆ పెద్ద ఫైలును రెండు డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి అక్క ఇంట్లో పెట్టి వచ్చాను. మొహం తీసేయని, పాట తీసేయని, పూర్తి 14 నిమిషాలు. బియ్యం డబ్బా మీద పెట్టబోతుంటే తేమ తగులుతుందని బీరువాలో, వాళ్లమ్మ చీరల మధ్య పెట్టింది.